గోడౌన్‌లో ఉన్నవన్నీ అమ్మకానివి కావు

అనంతపురం

అల్లుడికి మామ ఆశీస్సులు.

గోడౌన్‌లో పెట్టెలు కనిపిస్తున్నా అడ్వాన్సు ఇచ్చిన రైతుకు బోరు మోటారు ఇవ్వలేకపోయానని ఫోనులో బాధపడ్డావు. ఫోనులో చెబితే సగమే ఎక్కుతుందని రాస్తున్నాను.

ఏడున్నర హెచ్‌పీ, పదిహేను స్టేజీల మోటారునే తీసుకో. గోడౌన్‌లో పది ఉన్నాయి, ఆరుగురు అడ్వాన్సు ఇచ్చారు. కొత్తగా వచ్చినవాడికి నువ్వు చెప్పగలిగింది నాలుగే. ఆ నాలుగూ అమ్ముడయ్యాక మరో ముగ్గురు డబ్బు కట్టి లారీ కోసం ఆగారనుకో. కోయంబత్తూరు నుంచి ఎనిమిది దిగాయి. ఇప్పుడు గోడౌన్‌లో లెక్కపెడితే పద్నాలుగు. కౌంటర్లో కుర్రవాడు ధైర్యంగా పద్నాలుగని చెబుతాడు. కానీ పాత ఆరు, ఆగిన మూడు తీసేస్తే చేతిలో ఉన్నవి ఐదే. నీకు తప్పింది ఇక్కడే. లారీ దిగగానే ఆగినవాళ్ల పేర్లు పెట్టెల మీద పడాలి, ఆ తర్వాతే మిగిలినవి కౌంటర్ లెక్కలోకి రావాలి. రైతు పేరు, ఊరు, మోటారు దించే తేదీ రాసిన చీటీ పెట్టెకు అతికించి, వాటిని వెనక గోడకు చేర్చు. పుస్తకంలోనూ అదే రోజు ఎక్కించు. చీటీ ఒక్కటే ఉంటే ఊడిపోతుంది, పుస్తకం ఒక్కటే ఉంటే హడావుడిలో కుర్రవాడు తెరిచి చూడడు.

అయితే అడ్వాన్సు ఇచ్చిన ప్రతివాడికీ చీటీ అతికించకు. మన జిల్లాలో బోరు వేయకముందే వెయ్యి రూపాయలు చేతిలో పెట్టి మోటారు పక్కన పెట్టమనేవాళ్లు చాలామంది. రేపు బోరులో నీళ్లు పడకపోతే ఆ వెయ్యి తిరిగివ్వాలి, మోటారు అన్నాళ్లూ ఊరికే నిలిచిపోతుంది. నీళ్లు పడినా ఎంత లోతులో పడ్డాయో తెలిస్తేగానీ ఎన్ని స్టేజీలు కావాలో తేలదు. అందుకే నీళ్లు పడి, లోతు తెలిసి, దించే తేదీ చెప్పినవాడిదే ఖాయమైన ఆర్డరు. మిగతావి వేరే పేజీలో రాసుకో. ఖాయమైన వాటికీ గడువు పెట్టు. చెప్పిన తేదీ దాటి వారమైతే ఫోను చేసి అడుగు, తీసుకునేలా లేకపోతే ఆ పెట్టెను విడిచిపెట్టు. పైపులు, కేబుల్, స్టార్టర్ కూడా మోటారుతో పాటే కట్టేయాలి. కేబుల్ తక్కువైతే మోటారు ఉండీ లాభం లేదు.

సరుకు అయిపోయినప్పుడు ముందు తేల్చుకోవలసింది ఒకటే, ఎదుటివాడు ఆగగలడా లేదా అని. కరెంటు కనెక్షన్ ఇంకా రాని కొత్త బోరు రైతు పదిహేను రోజులైనా ఆగుతాడు. ఎండాకాలంలో చీనీ తోటలో మోటారు కాలినవాడు ఆగడు, ఆగలేడు. అతనికి లారీ తేదీ చెప్పడం వృథా, పక్క దుకాణానికి వెళతాడు. అలాంటి రోజు పుస్తకం తెరిచి దించే తేదీ దూరంగా ఉన్న పెట్టె ఏదో చూడు. ఇరవయ్యో తేదీన దించుకునే రైతుదొకటి ఉంది, లారీ పన్నెండున వస్తుందనుకో. ఆ పెట్టె ఇవాళ తోట రైతుకు ఇచ్చి, మొదటి రైతు పేరును లారీలో వచ్చే పెట్టెకు మార్చవచ్చు. కానీ అతనికి ముందే ఫోను చేసి చెప్పు. కంపెనీ బిల్లు వేసి లారీ బయలుదేరిందని తెలిస్తేనే ఈ పని చెయ్యి. రేపు పంపుతామన్న మాటను నమ్మి చేస్తే ఇద్దరి దగ్గరా మాట పోతుంది. పెట్టె మార్చే వీలు లేకపోతే తాడిపత్రిలో తెలిసిన డీలర్ దగ్గర తెప్పించు. రెండున్నర వేలు మిగిలే చోట ఏడు వందలే మిగలవచ్చు, అయినా తెప్పించు. కేబుల్, స్టార్టర్ కూడా ఆ రైతు నీ దగ్గరే కొంటాడు. పదిహేను స్టేజీలు అడిగినవాడికి పన్నెండు అంటగట్టకు, లోతైన బోరులో అది నీళ్లు పైకి తేలేదు. మోటారు మళ్లీ నీ కౌంటర్ మీదికే వస్తుంది.

వెళ్లిపోయినవాడిని కూడా రాసుకోవాలి. ఇది ఎవరూ చెయ్యరు. పది రోజులు సరుకు లేకపోతే బిల్లు పుస్తకంలో ఆ పది రోజులూ అమ్మకం సున్నా. వచ్చే ఏడాది దాన్ని చూసి గిరాకీ తక్కువని ఇంకా తక్కువ తెప్పిస్తావు, మళ్లీ అయిపోతుంది. తేదీ, ఏ మోటారు, ఏ ఊరు, ఆగాడా వెళ్లాడా వేరేది తీసుకున్నాడా, ఇంతే రాయి. వేరేది తీసుకున్నవాడిని పోయిన బేరంగా లెక్కపెట్టకు. ఒకే మోటారు కోసం రైతూ, మెకానిక్కూ విడివిడిగా ఫోను చేస్తారు, ఊరూ బోరూ అడిగి ఒకటిగానే రాయి. ధర కనుక్కోవడానికి నాలుగు దుకాణాలు తిరిగేవాళ్ల మాట అసలు ఎక్కించకు.

మార్చిలో కంపెనీకి ఆర్డరు పెట్టేముందు, గడిచిన వేసవిలో అమ్మినవాటికి వెళ్లిపోయినవాళ్లను కూడా కలిపి చూడు. ఆ పుస్తకం ఈ ఆదివారం నుంచే మొదలుపెట్టు, నెలాఖరున నేను వచ్చి చూస్తాను.

మామ