బాధపెట్టకుండా, అనుమానం మిగల్చకుండా కాదని చెప్పడం ఎలా?

ప్రశ్న: శ్రీకాకుళంలో ఒక ల్యాబులో పనిచేస్తున్నాను. మాతో పనిచేసే ఒకాయన మంచివాడే, ఏ రోజూ హద్దు దాటలేదు. కానీ రోజూ నా చీర గురించి ఒక మాట అంటారు, సాయంత్రం టీ తెచ్చి పెడతారు, ఆదివారం అరసవల్లి వెళ్దామా అని అడుగుతారు. ఏదో పని ఉందని తప్పించుకుంటున్నాను. నాకు ఆ ఉద్దేశం లేదు. ఆయన్ని బాధపెట్టకుండా, పొగరుబోతు అనిపించుకోకుండా ఎలా చెప్పాలి?

జవాబు:

నేను విజయనగరంలో ఉంటాను. చాలా ఏళ్ళ క్రితం చీపురుపల్లి దగ్గర ఒక బడిలో టీచరుగా పనిచేసేటప్పుడు రోజూ పలాస ప్యాసింజరులో వెళ్ళివచ్చేదాన్ని. మా బడిలోనే పనిచేసే ఒక మాస్టారు కొత్తవలసలో ఎక్కేవారు. నేను ఎక్కేసరికి కిటికీ పక్క సీటు మీద ఆయన చేతిరుమాలు పరిచి ఉండేది. నన్ను చూడగానే దాన్ని తీసి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, "రండి మేడం" అనేవారు. మొదట్లో అది మర్యాద అనే అనుకున్నాను. తరువాత రాత్రి పది దాటాక మెసేజ్‌లు రావడం మొదలైంది. నేను సెలవు పెట్టిన మర్నాడు, "నిన్న రైలు ఖాళీగా అనిపించిందండీ" అన్నారు. అప్పటికి నాకు విషయం అర్థమైంది.

ఆయన పైకి ఒక మాట అడిగింది పైడితల్లి అమ్మవారి పండుగ ముందు. "సిరిమాను చూడడానికి వస్తున్నాను, కలిసి చూద్దామా?" అన్నారు. "ఆ రోజు ఇంటినిండా చుట్టాలండీ" అన్నాను. మా ఊళ్ళో సిరిమానోత్సవం అయిన తరువాతి మంగళవారం పెద్దచెరువులో తెప్పోత్సవం జరుగుతుంది. ఆయన దానికి రమ్మన్నారు. ఒంట్లో బాగుండడం లేదన్నాను. ఆ పై మంగళవారం ఉయ్యాల కంబాల. దానికీ అడిగేసరికి ఇక సాకులు అయిపోయి, "అక్క పెళ్ళి కాకుండా నేను ఇలాంటివేవీ ఆలోచించలేనండీ" అనేశాను. ఆ మాటతో గండం గడిచిందనుకున్నాను, ఎందుకంటే ఆయన ఆ తరువాత ఏమీ అడగలేదు.

అడగకపోవడానికి కారణం నాలుగు నెలల తరువాత, అక్క పెళ్ళిలో తెలిసింది. ఆయన వాళ్ళమ్మగారిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆవిడ నా గడ్డం పట్టుకుని, "ఇంకేటమ్మా, అక్క పెళ్ళి అయిపోనాది, ఇక నీ వంతే కదా!" అన్నారు. ఆవిడ వెనుక ఆయన తల దించుకుని నవ్వుతూ నిలబడ్డారు. నా చేతిలో తాంబూలాల పళ్ళెం ఉంది. ఆ పళ్ళెం ఎక్కడ పెట్టాలో కూడా తోచలేదు. నేను కాదన్నానని నేను అనుకున్న నాలుగు నెలలూ, అక్క పెళ్ళి కాగానే సరేనంటానని ఆయన ఎదురుచూశారు.

మీ ప్రశ్నలో నాకు కనబడుతున్న ప్రమాదం ఇదే. "ఈ ఆదివారం పని ఉంది" అనే మాట ఆ ఆదివారాన్ని మాత్రమే కాదంటుంది, వచ్చే ఆదివారాన్ని ఖాళీగా వదిలేస్తుంది. "ఇంట్లో ఒప్పుకోరు" అంటే ఇంట్లోవాళ్ళను ఒప్పించే పని ఆయన నెత్తికెత్తుకుంటారు. "ఇప్పుడు పెళ్ళి ఆలోచన లేదు" అంటే తరువాత ఉంటుందని వినిపిస్తుంది. మనం ఒక కారణం చెబితే, దాన్ని ఎలా తీర్చాలా అని ఆలోచించడం ఇష్టపడుతున్న మనిషికి సహజం. అందులో ఆయన దురుద్దేశం ఏమీ లేదు. పామూ చావకుండా కర్రా విరగకుండా మాట్లాడడమే దయ అని నేను కూడా అనుకున్నాను. కానీ నేను ఆయనకు చేసిన అసలు అపకారం ఆ నాన్చుడే.

మనవైపు చాలామంది చెప్పే ఇంకో ఉపాయం "అన్నయ్యా" అని పిలిచేయడం. నేను దాన్ని ఒప్పుకోను. నిజంగా అన్నయ్య అని పిలుచుకునే అలవాటు ఉంటే అది వేరు. కానీ నిన్నటిదాకా పేరుకు "గారు" చేర్చి పిలిచిన మనిషిని ఉన్నట్టుండి పదిమందిలో అన్నయ్యా అంటే, ఆయనకు అందరి ముందూ చెంపదెబ్బ తగులుతుంది, మీరు చెప్పవలసిన మాట మాత్రం చెప్పకుండానే మిగిలిపోతుంది. ఆయన ఏదీ అడగలేదు, మీరు దేనికీ జవాబు చెప్పలేదు, మిగతావాళ్ళు మాత్రం నవ్వుకుంటారు.

పెళ్ళి తరువాత సోమవారం సాయంత్రం, చీపురుపల్లి ప్లాట్‌ఫారం మీద, రైలు రావడానికి పది నిమిషాల ముందు ఆయనతో మాట్లాడాను. ఆ సమయాన్ని కావాలనే ఎంచుకున్నాను. పొద్దున్న చెబితే ఆ ముఖంతోనే రోజంతా పాఠాలు చెప్పాలి. రైల్లో చెబితే అరగంట పాటు ఎదురెదురుగా కూర్చోవాలి. స్టాఫ్ రూములో చెబితే ఇంకో నాలుగు చెవులు వింటాయి. ప్లాట్‌ఫారం మీదైతే నలుగురి మధ్యా ఉంటాం కాని ఎవరికీ వినబడదు, రైలు రాగానే ఎవరి పెట్టెలోకి వాళ్ళు ఎక్కవచ్చు. కాదనిపించుకున్న మనిషికి వెంటనే పక్కకు వెళ్ళే దారి ఉండడం చాలా అవసరం.

నేను అన్న మాటలు ఇవి: "మాస్టారూ, మీరు సీటు ఆపడం, రాత్రిపూట మెసేజ్‌లు పెట్టడం, అమ్మగారు ఆ రోజు అన్న మాట, ఇవన్నీ చూస్తే మీకు నా మీద ఇష్టం ఉందని అనిపించింది. నాకు ఆ ఉద్దేశం లేదండీ. ఇకముందు కూడా ఉండదు. అక్క పెళ్ళి అని నేను సాకు చెప్పాను, అది నా తప్పు. రేపటినుంచి నాకోసం సీటు ఆపవద్దు, బడి పని ఉంటే తప్ప మెసేజ్ చేయవద్దు. బడిలో మాత్రం ఎప్పటిలాగే పలకరించుకుందాం."

ఇందులో "ఇకముందు కూడా ఉండదు" అన్న వాక్యం పలకడం అన్నిటికంటే కష్టమైంది. అది లేకపోతే మిగతా మాటలన్నీ వృథా. ఏం మానాలో పేరుపెట్టి చెప్పడం కూడా అవసరమే. "కొంచెం దూరంగా ఉండండి" అంటే ఎంత దూరమో తెలియక ఆయన సతమతమవుతారు, పలకరించినా తప్పేనేమోనని భయపడతారు. "సీటు ఆపవద్దు" అంటే ఆయనకు ఏం చేయాలో తెలుస్తుంది. క్షమాపణ నేను చెప్పిన సాకు వరకే చెప్పాను. ఇష్టం లేకపోవడానికి క్షమాపణ చెబితే, అదేదో దిద్దుకోవలసిన తప్పులా వినిపిస్తుంది.

గొంతు గురించి ఒక్క మాట. భయం వేసినప్పుడు నాకు నవ్వు వస్తుంది, మనలో చాలామందికి అంతే. నవ్వుతూ కాదంటే అది బెట్టులా కనబడుతుంది. అలాగని ముఖం ముడుచుకోనక్కరలేదు. పిల్లవాడి మార్కులు తక్కువ వచ్చాయని వాళ్ళ నాన్నగారికి చెప్పేటప్పుడు మాట్లాడినట్టు, నెమ్మదిగా, ఆయన వైపు చూస్తూ చెప్పాను.

ఆయన కాసేపు పట్టాల వైపు చూసి, "ఇది అప్పుడే చెప్పవలసిందండీ" అన్నారు. "అవునండీ" అన్నాను. తరువాత, "నాలో ఏం లోపం?" అని అడిగారు. ఇక్కడే జాలిపడి మనం జారిపోతాం. ఒక లోపం చెబితే అది దిద్దుకుని వస్తారు. "మీరు చాలా మంచివారు, మీలాంటివాళ్ళు దొరకడం అదృష్టం" అని పొగిడితే, అలాంటప్పుడు ఎందుకు కాదన్నట్టు అని ఆయనకు ఆశ మళ్ళీ చిగురిస్తుంది. "లోపం వెతికి చెప్పిన మాట కాదండీ. నా మనసులో లేదు, అంతే" అన్నాను. ఇంకేమీ అనలేదు. ఆయనను ఓదార్చాలని చాలా అనిపించింది, కానీ ఆ క్షణంలో ఓదార్చవలసిన మనిషిని నేను కాదు. రైలు వచ్చాక ఆయన రెండు పెట్టెలు దాటి ఎక్కారు.

మరుసటి రోజు కిటికీ పక్క సీటులో ఎవరో జామకాయల బుట్ట పెట్టుకుని కూర్చున్నారు. అది చూసి నా ప్రాణం కుదుటపడింది. మూడు వారాలు ఆయన నాతో మాట్లాడలేదు. దాన్ని నేను అలకగానో పగగానో తీసుకోలేదు, ముందుగా నేనే వెళ్ళి కదిలించనూ లేదు. నడుమ ఒక రాత్రి ఒక పాట పంపించారు. "ఇలాంటివి పంపవద్దని చెప్పానండీ" అని ఒక్క వాక్యం తిరిగి రాశాను. కొత్త కారణాలు చేర్చలేదు, కోపమూ చూపలేదు. దానితో ఆగిపోయింది. నాలుగో వారంలో స్టాఫ్ రూములోకి వచ్చి, "మేడం, ఎనిమిదో తరగతి పేపర్లు ఇవిగో" అని నా బల్ల మీద పెట్టారు. అక్కడినుంచి మామూలుగానే ఉన్నాం.

మీ విషయంలో ఒక తేడా ఉంది. మీతో పనిచేసే ఆయన ఇంకా సూటిగా ఏదీ అడగలేదు. కాబట్టి మీరు చెప్పగానే, "అయ్యో, నేనలా అనుకోలేదండీ, ఊరికే స్నేహంగా" అనవచ్చు. అప్పుడు వాదించకండి, నిరూపించాలని చూడకండి. "అయితే మంచిదండీ, నా ఉద్దేశం చెప్పాను" అని వదిలేయండి. ఆయన పరువు నిలుపుకోవడానికి వేసుకున్న ఆ చిన్న తెరను లాగేయవలసిన పని మనకు లేదు. టీ, చీర మాటలు ఆగితే చాలు.

ఇదంతా మంచి మనిషితో పనికివచ్చే పద్ధతి. ఆయన మీ పై అధికారి అయినా, స్పష్టంగా చెప్పాక కూడా మానకపోయినా ఇక మెత్తగా చెప్పే బాధ్యత మీది కాదు. కాదని ఒకసారి మెసేజ్‌గా కూడా పంపి దాచుకోండి. స్త్రీ తనకు ఆసక్తి లేదని స్పష్టంగా తెలిపిన తరువాత కూడా ఒక మగవాడు పదే పదే వెంటబడడం, మాట కలపాలని చూడడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. పదిమంది లేదా అంతకుమించి పనిచేసే చోట పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 నాటి చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి, అంతకన్నా తక్కువమంది ఉంటే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వవచ్చు. మామూలుగా ఆ ఫిర్యాదు మూడు నెలల లోపు ఇవ్వాలి.

మీరు రాసినదాన్నిబట్టి అంతదాకా వెళ్తుందని నాకు అనిపించడం లేదు. శనివారం సాయంత్రం ల్యాబు మూసే వేళ, మీ బండి దగ్గరికో బస్సు దగ్గరికో వెళ్ళేముందు ఇలా చెప్పి చూడండి: "మీరు అరసవల్లికి రమ్మని అడుగుతున్నారు, నేను పని ఉందని చెబుతున్నాను. నిజానికి పని కాదండీ, నాకు అలా కలిసి వెళ్ళే ఉద్దేశం లేదు, ముందు ముందు కూడా ఉండదు. నా చీరల గురించి కూడా ఇక ఏమీ అనకండి, టీ నేనే తెచ్చుకుంటాను. పనిలో మాత్రం ఎప్పటిలాగే ఉందాం." మధ్యలో ఆదివారం వస్తుంది కాబట్టి, సోమవారం మళ్ళీ ముఖాలు చూసుకునే ముందు ఇద్దరికీ ఒక రోజు దొరుకుతుంది.