అభినందన లేఖ పర్సనల్ ఫైల్‌లోకి వెళ్లాలంటే

“మా సబ్‌స్టేషన్‌లో 5 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్ తీసి 8 ఎంవీఏది పెట్టాం. మా టీమ్‌లోని ఐదుగురికీ కలిపి నేను అభినందన లేఖ రాస్తే, ఇది ఎవరి ఫైల్‌లోనూ పెట్టలేమని ఆఫీసులో వెనక్కి పంపారు. ఎలా రాయాలి?”

ఉమ్మడి లేఖను నోటీస్ బోర్డుకు ఉంచేయండి సార్. ఫైల్ కోసం ఐదుగురికీ ఐదు లేఖలు రాయాలి. పని వివరం, తేదీలు చెప్పే మొదటి పేరా అన్నింటిలో ఒకటే ఉండొచ్చు. రెండో పేరా మాత్రం ఆ మనిషిదే కావాలి.

“అంకితభావంతో కష్టపడ్డారు” అంటే ఎవరికైనా సరిపోతుంది. మూడేళ్ల తర్వాత ప్రమోషన్ కోసం ఫైల్ తిరగేసే అధికారికి మీరెవరో, ఆ రోజు ఏం జరిగిందో తెలియదు. ఆయనకు అర్థమయ్యేలా ఇలా రాయండి:

“చార్జ్ చేసే ముందు మెగ్గర్ టెస్ట్‌లో ఒక 11 కేవీ కేబుల్ రీడింగ్ తక్కువగా ఉందని సబ్ ఇంజనీర్ గమనించారు. టెర్మినేషన్ విప్పించి చూస్తే లోపల తేమ ఉంది. మళ్లీ చేయించి, రెండో రీడింగ్ సరిగా వచ్చాకే చార్జింగ్‌కు ఒప్పుకున్నారు. అయినా ఎల్‌సీ గడువులోపే సప్లై ఇచ్చాం.”

ఆయన ఏం చూశారు, ఏం చేశారు, దానివల్ల ఏమైంది, మూడూ ఇందులో ఉన్నాయి. రీడింగులు, టైములు జ్ఞాపకం మీద రాయకండి, లాగ్ బుక్ చూసి వేయండి. ఆ టెర్మినేషన్ మొదట ఎవరు చేశారన్న మాట మాత్రం వద్దు, ఒకరి మెప్పు ఇంకొకరికి మచ్చ కాకూడదు.

పైన లేఖ నంబరు, తేదీ, పూర్తి పేరు, హోదా, ఉద్యోగి నంబరు. కింద మీ సంతకం, హోదా, “నకలు: పర్సనల్ ఫైల్” అన్న లైను. ఆ లైను లేకపోతే లేఖ ఆయన ఇంట్లోనే ఉండిపోతుంది.