నొప్పి పోయాక కూడా తొడ వెనుక కండరం మళ్లీ ఎందుకు పట్టేస్తుంది?

"వంద మీటర్లు పరుగెత్తుతాను. తొడ వెనుక పట్టేస్తే మూడు వారాలు ఆగాను. నొప్పి పోయింది, కానీ మొదటి స్ప్రింట్‌లోనే మళ్లీ పట్టేసింది."

జాగింగ్‌లో నొప్పి లేనంత మాత్రాన కండరం సిద్ధమైందని అనుకోకండి. పూర్తి వేగంలో పాదం నేలను తాకబోయే ముందు తొడ వెనుక కండరమైన హామ్‌స్ట్రింగ్ సాగుతూనే గట్టిగా బిగుసుకోవలసి ఉంటుంది, ఆ బలాన్ని విశ్రాంతి తిరిగి ఇవ్వదు. మామూలుగా నడవగలిగాక, వెల్లకిలా పడుకొని మోకాళ్లు మడిచి పిరుదులను పైకెత్తే బ్రిడ్జ్‌లతో మొదలుపెట్టి, తర్వాత మోకాళ్లపై నిలిచి, మడమలను ఒకరు పట్టుకోగా శరీరాన్ని నెమ్మదిగా ముందుకు వాల్చే నార్డిక్ వ్యాయామానికి రండి. పరుగు వేగాన్ని సగం నుంచి దశలవారీగా పెంచండి. వెల్లకిలా పడుకొని, నిటారుగా ఉంచిన కాలిని వేగంగా పైకెత్తినప్పుడు నొప్పి గానీ జంకు గానీ ఉంటే, పూర్తి వేగానికి ఇంకా సమయం రాలేదు. పిరుదు కింది ఎముక దగ్గర నొప్పి, పెద్ద కమిలిన మచ్చ ఉంటే ముందు వైద్యుడికి చూపించాలి. నార్డిక్ మాత్రం సీజన్ అంతా మానకండి.