ఆ ఖాళీ చెక్కు ఇవ్వకమ్మా

చిట్టితల్లీ,

గుంటూరులో బొటిక్‌కు షాపు కుదిరిందని మీ నాన్న నిన్న ఫోన్‌లో చెప్పాడు. మా ఎరువుల కొట్లో బిల్లు పుస్తకం నిండా బొమ్మలు గీసిన పిల్ల సొంత షాపు షట్టర్ ఎత్తబోతోందంటే కళ్లు చెమర్చాయి. కానీ ఓనరు పదకొండు నెలల అద్దెకు పోస్ట్ డేటెడ్ చెక్కులు, అవి చాలక సెక్యూరిటీకని సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఒకటి అడిగాడట. ఆ మాట విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు.

అద్దె చెక్కులతో పెద్ద భయం లేదు. పేరు, మొత్తం, తేదీ నీ చేత్తోనే రాయి. ఆ తేదీకి ముందురోజే డబ్బు అకౌంట్లో ఉంచు. ఏ నెలైనా అద్దె యూపీఐలో కడితే, ఆ నెల చెక్కు చేతికి వచ్చాకే పంపు.

నా బెంగంతా ఆ ఖాళీ చెక్కు మీదే. 2011లో సరుకు కోసం ఒకాయన దగ్గర రెండు లక్షలు తీసుకున్నాను. నమ్మకానికని ఒక చెక్కు మీద సంతకం మాత్రం పెట్టి ఇచ్చాను. మొత్తం లేదు, తేదీ లేదు. ఏడాదిలో లక్షా నలభై వేలు నగదుగా కట్టాను. ప్రతిసారీ టీ తాగి వచ్చానే గానీ ఒక్క రసీదూ అడగలేదు. ఆ ఏడు వానలు సరిగా పడక రైతుల బాకీలు ఆగిపోయాయి. మిగిలిన అరవై వేలు రెండు నెలలు ఆలస్యమయ్యాయి. ఆయన ఆ చెక్కు మీద రెండు లక్షలు రాసి బ్యాంకులో వేశాడు. నా అకౌంట్లో ఉన్నది పదకొండు వేలు. చెక్కు తిరిగొచ్చింది.

తేదీ వేసిన చెక్కు మూడు నెలలే చెల్లుతుంది. తేదీ వేయకపోతే ఆ గడువు మొదలే కాదు, అవతలివాడు ఎప్పుడు రాసుకుంటే అప్పుడే మొదలు. ఆ సంగతి నాకప్పుడు తెలియదు.

అంతకంటే పెద్ద తప్పు ఆ తర్వాత చేశాను. పోస్ట్‌మ్యాన్ రిజిస్టర్డ్ కవరు తెచ్చాడు. దాని మీద లాయరు పేరు చూసి చేతులు వణికాయి. "నేను తీసుకోనయ్యా" అని పంపేశాను. కవరు తీసుకోకపోతే కేసు ఉండదనుకున్నాను. సరైన అడ్రసుకు వచ్చిన నోటీసు వద్దన్నా అందినట్టే లెక్క. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన ముప్పై రోజుల్లోగా వాళ్లు నోటీసు పంపాలి. అది అందాక మనకు పదిహేను రోజులు. ఆలోగా కడితే సెక్షన్ 138 కింద చెక్కు తిరిగొచ్చిన కేసు నిలవదు. కట్టకపోతే ఆపై నెలలోగా వాళ్లు కోర్టుకు వెళ్లొచ్చు. నేరం రుజువైతే రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. ఆ పదిహేను రోజులూ నేను తలుపు వెనకాల కూర్చుని పోగొట్టుకున్నాను.

కోర్టులో "అంకెలు నా రాత కాదు" అన్నాను. సంతకం నీదేనా అని అడిగారు. నాదే. సంతకం ఒప్పుకుంటే ఆ చెక్కు బాకీ కిందే ఇచ్చినట్టు చట్టం అనుకుంటుంది. కాదని చూపించాల్సింది మనమే. లక్షా నలభై వేలు కట్టానని చూపడానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు. నాలుగేళ్లు తెనాలి కోర్టు మెట్లెక్కి, చివరకు లక్షా డెబ్భై వేలకు రాజీ పడ్డాను. మీ పెద్దమ్మ గాజులు అప్పుడే పోయాయి. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు, అదే ఇప్పటికీ గుచ్చుతుంది.

అందుకే ఓనరుతో మెత్తగానే చెప్పు, అడ్వాన్సు ఇంకో నెలది ఎక్కువ ఇస్తాను గానీ ఖాళీ చెక్కు ఇవ్వనని. తప్పదంటే పేరు, మొత్తం నువ్వే నింపు. ఆ చెక్కు నంబరు, అది దేనికి సెక్యూరిటీయో, ఖాళీ చేసిన రోజే తిరిగివ్వాలని అగ్రిమెంట్‌లో రాయించు. ఇచ్చే ముందు ఫొటో తీసుకో. సెక్యూరిటీ చెక్కు మీద కేసే ఉండదని ఎవరైనా అంటే నమ్మకు. బ్యాంకులో వేసిన నాటికి అంత బాకీ నిజంగా ఉంటే అదీ మామూలు చెక్కే. కొంత కట్టేసినా పూర్తి మొత్తానికి వేశారంటే ఎదురు నిలబడొచ్చు, కానీ కట్టినట్టు కాగితం ఉండాలి. నాకు లేనిది అదే కదా. స్టాప్ పేమెంట్ పెడితే సరిపోతుందనీ అనుకోకు, బాకీ ఉంటే దానికీ కేసు వేయొచ్చు.

రిజిస్టర్డ్ కవరు ఏదొచ్చినా సంతకం పెట్టి తీసుకో, వచ్చిన తేదీ దాని మీద రాసిపెట్టు, ఆ రోజే నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రైనా ఎత్తుతాను. తిట్టను, ఒట్టు.

ఆదివారం అగ్రిమెంట్ కాగితం పట్టుకుని రా తల్లీ. పెద్దమ్మ గోంగూర పచ్చడి చేస్తానంది. ఆ కాగితం చదవకుండా మాత్రం ఎక్కడా సంతకం పెట్టకు.

నీ పెదనాన్న