ట్యాగు ఊడిన బర్రెకు బీమా డబ్బు ఎందుకు రాలేదు?

ప్రశ్న: మా బర్రెకు 60 వేల ఇన్సూరెన్స్ ఉండె. మొన్న వానల్ల గొంతు ఉబ్బి, గురక పెట్టుకుంట ఒక్క రాత్రిల చచ్చిపోయింది. పాము కరిచిందని మందుల షాపాయన సూది ఇచ్చిండు. తెల్లారి పాతిపెట్టినం. చెవి ట్యాగు రెండు నెలల కిందే ఊడింది. పాలసీ కాగితం చాలని ఏజెంటు అన్నడు, ఇప్పుడు కంపెనీ పైసలు రావంటున్నది. ఇంకో బర్రెకు పాలసీ ఉన్నది. ఏం చెయ్యాలె?
– ఒక రైతు, పర్వతగిరి మండలం, వరంగల్ జిల్లా

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది పాముకాటు కాదు, గొంతువాపు వ్యాధి అని నా అనుమానం. పోస్టుమార్టం చేయించకుండా పాతిపెట్టినందువల్ల ఇప్పుడు దేనినీ రుజువు చేయలేము. ట్యాగు కూడా లేదు కనుక ఈ క్లెయిము నిలబడటం కష్టమని స్పష్టంగా చెబుతున్నాను. పాలసీ రాసేది చెవిలోని 12 అంకెల నంబరు మీద. ఆ నంబరు కళేబరం చెవిలో కనిపించకపోతే, చనిపోయింది బీమా చేసిన పశువేనని కంపెనీ ఒప్పుకోదు. కాగితం చాలన్న ఏజెంటు మాట తప్పు.

రెండో బర్రె చెవిని ఈ రోజే కడిగి, ట్యాగు మీది నంబరును పాలసీలోని నంబరుతో ఒక్కొక్క అంకెగా సరిచూడండి. రాసేటప్పుడు ఒక్క అంకె తారుమారైనా క్లెయిము ఆగుతుంది. ట్యాగు ఊడితే అదే రోజు కంపెనీకి రాతపూర్వకంగా తెలిపి, పశువైద్యుని చేత కొత్త ట్యాగు వేయించి, ఆ కొత్త నంబరును పాలసీలో ఎండార్స్‌మెంటుగా ఎక్కించుకోవాలి. ట్యాగు వేయించి ఊరుకుంటే లాభం లేదు, ఎందుకంటే పాలసీలో పాత నంబరే ఉంటుంది.

నేను ఎక్కువగా బాధపడేది టీకా విషయంలో. గొంతువాపు టీకాను ఏటా వానాకాలానికి ముందే, మే లేదా జూన్‌లో వేయించాలి. టీకా వేయించని పశువు ఆ వ్యాధితో చనిపోతే చాలా పాలసీలు పరిహారం ఇవ్వవు. వేసిన తేదీ ట్యాగు నంబరు కింద నమోదయ్యేలా చూసుకోండి. పాలసీ మొదలైన తొలి 15 రోజుల్లో వ్యాధితో చనిపోయినా సాధారణంగా డబ్బు రాదు. అర్హత లేని వారి వైద్యం కూడా తిరస్కరణకు కారణమవుతుంది కనుక, జ్వరం, గొంతువాపు కనిపించగానే షాపుకు కాక పశువైద్యశాలకు వెళ్లండి.

పశువు చనిపోతే వెంటనే కంపెనీకి, పశువైద్యునికి ఫోను చేయండి. ట్యాగు నంబరు చదవగలిగేలా ఒక ఫొటో, కళేబరం మొత్తం కనిపించేలా మరొకటి తీయండి. ఎండకు, వానకు కళేబరం త్వరగా కుళ్లుతుంది కనుక పోస్టుమార్టం ఆలస్యం కాకూడదు. ముక్కు నుండి, మలద్వారం నుండి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే అది దొమ్మరోగం కావచ్చు. అప్పుడు కళేబరాన్ని కోయనీయకండి, ముట్టుకోకండి, వైద్యుడు చెవి నుండి రక్తపు చుక్క తీసి పరీక్షిస్తారు. పోస్టుమార్టం రిపోర్టు, పాలసీ, క్లెయిము ఫారంతో పాటు ట్యాగును కూడా కంపెనీకి ఇవ్వాలి; కళేబరాన్ని పాతిపెట్టేముందు వైద్యుని సమక్షంలోనే ట్యాగును తీయించుకోండి.