ఏడు రోజుల రిజల్ట్ తక్కువ వచ్చిన తమ్ముడికి

తమ్ముడూ,

నిన్న నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. స్లాబ్ కాంక్రీట్‌తోనే పోసిన క్యూబును ఏడో రోజు పగలగొట్టి చూస్తే బలం తక్కువ వచ్చిందని, 28 రోజులకు అదే సర్దుకుంటుందని కాంట్రాక్టర్ అంటున్నాడని చెప్పావు. నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది దేవరకొండ వైపు ఒక ఊళ్లో ఇదే జరిగింది.

రెండు తరగతి గదులు, విడివిడి స్లాబులు, 28 రోజులకు 25 న్యూటన్ల బలం రావాల్సిన ఎం25 కాంక్రీట్, మే నెల. పొద్దున మొదటి గది బాగానే పోశాం. మధ్యాహ్నం ఎండకు మిల్లర్ నుంచి పైకి చేరేలోపే మాల్ బిగుసుకుంటోంది. "సార్, మాల్ పారుతలేదు, కొన్ని నీళ్లు పోస్తం" అన్నాడు మేస్త్రీ. సరేనన్నాను. మా లెక్క 50 కిలోల బస్తాకు 25 లీటర్లు. పది లీటర్ల బకెట్ ఒక్కటి ఎక్కువైతే 35. సిమెంటుకు అక్కర్లేని ఆ నీరు ఆరిపోయాక లోపల సన్నని ఖాళీలు మిగులుతాయి, బలం అక్కడే పోతుంది. పైకి మాత్రం స్లాబ్ నున్నగా కనిపిస్తుంది.

ఏడో రోజు ఆ రెండో గది 150 మి.మీ. క్యూబ్ 290 కిలోన్యూటన్ల దగ్గర పగిలింది. అంటే చదరపు మిల్లీమీటరుకు 13 న్యూటన్లు కూడా లేదు. మామూలుగా 16, 17 దాకా రావాలి. కొత్త క్యూబులు పోసి ఇస్తానన్నాడు కాంట్రాక్టర్. ఒప్పుకోలేదు, కానీ ఎవరికీ చెప్పనూ లేదు. ఆ కాగితం నాలుగు రోజులు జేబులోనే ఉంది. నీళ్లకు సరేనన్నదాని కంటే అదే పెద్ద తప్పు. గది వెడల్పు ఆరు మీటర్లు, 14వ రోజున సెంట్రింగ్ విప్పేస్తారు.

పదకొండో రోజు మా పై ఇంజనీరు డీఈ గారికి చెప్పాను. ఆయన తిట్టలేదు. ముందు ఒక్క ప్రాప్ కూడా తీయొద్దని రాయించారు. 28 రోజుల క్యూబులూ ఫెయిలయ్యాక బలం చూడటానికి స్లాబ్‌లోంచే మూడు కోర్లు కోసి తీయించారు: 17.6, 18.9, 19.4. ఐఎస్ 456 ప్రకారం సగటు 25లో 85 శాతం, అంటే 21.25 ఉండాలి, ఏ ఒక్కటీ 18.75కి తగ్గకూడదు. రెండూ తప్పాయి. ఆ గది స్లాబ్ కూల్చాం. ఈసారి తెల్లవారుజామున మొదలుపెట్టాం, మిల్లర్‌ను గోడ దగ్గరికి జరిపాం, కంకర ముందే తడిపి ఆ తడిని నీళ్ల లెక్కలో తగ్గించాం. డబ్బా పట్టుకుని కొలిచింది నేనే. తర్వాత పది రోజులు మడులు కట్టి నీళ్లు నిలిపాం.

నీది కూడా అంతేనని ఇప్పుడే అనుకోకు. బస్తా మీద పీపీసీ అని ఉందేమో చూడు, ఆ రకం సిమెంటు మొదట్లో నిదానంగానే బలపడుతుంది. క్యూబులు నీళ్ల తొట్టిలో ఉన్నాయా, ఎండలో పడి ఉన్నాయా కనుక్కో. కానీ అవన్నీ తేలేదాకా ఆగకుండా, రిపోర్ట్ ఈ రోజే మీ డీఈ గారికి ఇవ్వు. సెంట్రింగ్ విప్పొద్దని సైట్ రిజిస్టర్‌లో రాసి మేస్త్రీతో సంతకం పెట్టించు. ఆదివారం పొద్దున నల్లగొండ నుంచి బయల్దేరి వస్తాను, కలిసి చూద్దాం.

మీ అన్న