రివార్డు పాయింట్లలో అసలు కోత ఫీజు కంటే ముందే పడుతుంది

ప్రశ్న: క్రెడిట్ కార్డు రివార్డు పాయింట్లను నగదుగా మార్చుకుంటే అనుకున్న దానిలో సగం కూడా రాలేదు. ఇదంతా రిడెంప్షన్ ఫీజు వల్లేనా?

పాయింట్లను మార్చినందుకు బ్యాంకు తీసుకునే ఈ ఫీజు వల్ల పోయేది కొంతే. పెద్ద కోత అంతకు ముందే, పాయింట్లను ఏ రూపంలో తీసుకోవాలో మీరు ఎంచుకున్నప్పుడే పడిపోతుంది. మా బావగారి కార్డు స్టేట్‌మెంటును ముందు పెట్టుకుని ఒక్కో వరుసా లెక్క కట్టినప్పటి నుంచి నాకు ఈ విషయంలో సందేహం లేదు.

ఆయన కార్డులో 2,500 పాయింట్లు చేరాయి. పాయింటు విలువ 50 పైసల వరకు ఉంటుందని కార్డు ఇచ్చేటప్పుడు చెప్పారు కనుక, రూ.1,250 వస్తుందన్న లెక్కతో ఆయన యాప్‌లో, పాయింట్ల సొమ్మును కార్డు బిల్లులోనే జమ చేసే స్టేట్‌మెంట్ క్రెడిట్‌ను ఎంచుకున్నారు. తరువాతి స్టేట్‌మెంటులో రూ.500 జమ కనిపించింది. దాని కిందనే రిడెంప్షన్ ఫీజు రూ.99, ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ రూ.17.82 వేరువేరు వరుసల్లో ఖర్చుగా పడ్డాయి. అన్నీ పోగా మిగిలినది రూ.383.18. “నా పాయింట్లు నాకివ్వడానికి నా దగ్గరే డబ్బు తీసుకుంటారా?” అని బావగారు మండిపడ్డారు. ఆ కోపం న్యాయమైనదే. కాని తగ్గిన మొత్తం రూ.866.82లో ఫీజు, పన్ను కలిపి తిన్నది రూ.116.82 మాత్రమే. మిగతా రూ.750 రేటు దగ్గరే పోయింది.

ఆ 50 పైసల విలువ బ్యాంకు సొంత పోర్టల్‌లో విమాన టికెట్లు, హోటల్ గదులు బుక్ చేసుకున్నప్పుడే వర్తిస్తుంది. అదే పాయింటును బిల్లులో జమ చేయమంటే ఆ కార్డుకు 20 పైసలే. చాలా కార్డుల్లో ఇలా ఒకే పాయింటుకు రెండు మూడు రేట్లు ఉంటాయి. సాధారణంగా నగదు రేటే అన్నిటికంటే తక్కువ. కారణం ఊహించడం కష్టం కాదు. పోర్టల్‌లో కొనిపిస్తే బ్యాంకుకు అమ్మకందారు నుంచి కమీషన్ అందుతుంది, నగదు ఇస్తే అలాంటి రాబడి ఏమీ ఉండదు. పాయింట్లకు వస్తువులిచ్చే కేటలాగ్‌లోని మిక్సీలు, సూట్‌కేసులు లాభమని కొందరంటారు కాని, అదే వస్తువు బయట ఎంతకు దొరుకుతోందో చూడకుండా ఆ మాట నమ్మవద్దని నా సలహా.

ఇక ఫీజు సంగతి. అది పాయింట్ల సంఖ్యను బట్టి కాక, మీరు పెట్టే ఒక్కో అభ్యర్థనకు ఇంత అని స్థిరంగా ఉంటుంది. అందువల్ల కొద్ది పాయింట్లను మార్చుకునేవారికే దెబ్బ గట్టిగా తగులుతుంది. బావగారికి వచ్చిన రూ.500లో దాదాపు 23 శాతం ఫీజుకే పోయింది. అదే 10,000 పాయింట్లను ఒకేసారి మార్చుకుని ఉంటే రూ.2,000 వచ్చేది, ఫీజు ఆరు శాతం లోపే ఉండేది. ఆ కార్డు రేటు ప్రకారం దాదాపు 584 పాయింట్లు కేవలం ఫీజు, దాని పన్నుకే సరిపోతాయి. మీ కార్డుకు కూడా ఈ లెక్క సులభంగా చేయవచ్చు. పన్నుతో కలిపిన ఫీజును మీరు ఎంచుకున్న రూపంలో పాయింటుకు దక్కే విలువతో భాగిస్తే, ఎన్ని పాయింట్లు ఊరికే పోతున్నాయో తేలిపోతుంది. అలాగని ఏళ్ల తరబడి పోగు చేయడం కూడా మంచిది కాదు. చాలా కార్డుల్లో పాయింట్లకు రెండు మూడేళ్ల గడువు ఉంటుంది, ఈలోగా బ్యాంకు రేటునే తగ్గించవచ్చు. గడువు తేదీని చూసుకుని, దానికి కొంత ముందుగా అన్నిటినీ ఒకేసారి మార్చుకోవడమే నేను పాటించే పద్ధతి.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసినప్పుడు, ఇవన్నీ నిబంధనల్లో ఉన్నాయని మర్యాదగానే చెప్పారు. వెతికితే నిజంగానే ఉన్నాయి. అయితే పాయింట్లు మార్చుకునే తెరమీద “మీకు రూ.500” అని పెద్ద అక్షరాలతో చూపగలిగినవారు, ఫీజు, పన్ను పోగా రూ.383.18 మిగులుతుందని అక్కడే చూపలేరా? ఆ ఒక్క అంకె కనబడితే చాలామంది నిర్ధారించే బటన్ నొక్కేముందు ఆగి ఆలోచిస్తారు. అది చూపకపోవడం అన్యాయమని నా దృఢమైన అభిప్రాయం.

మరొక విషయం మీ స్టేట్‌మెంటులో తప్పక గమనించండి. ఇలా జమ అయిన సొమ్మును చాలా బ్యాంకులు మీరు చేసిన చెల్లింపుగా పరిగణించవు. బిల్లు వచ్చిన తరువాత పాయింట్ల సొమ్ము జమ అయిందని అంత మేరకు తగ్గించి కడితే, బిల్లు పూర్తిగా కట్టనట్టే లెక్కకు వచ్చి వడ్డీ పడే ప్రమాదం ఉంది. గడువులోగా బిల్లులో ఉన్న మొత్తాన్నంతా కట్టివేయండి, పాయింట్ల జమ తరువాతి బిల్లులో దానంతట అదే సర్దుబాటు అవుతుంది.